ప్రపోజల్ సమ్మరీని క్లయింట్ లక్ష్యంతో మొదలుపెట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

సేల్స్ ప్రపోజల్ మొదటి పేజీని తిరగరాయమన్న ప్రతిసారీ టీముల్లో ఇవే సందేహాలు వస్తుంటాయి. వాటిని పని జరిగే వరుసలో ఇక్కడ పెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. ఉదాహరణలన్నీ ఒకే ఊహాత్మక డీల్ నుంచి తీసుకున్నాం: క్లయింట్ యంత్రాల విడిభాగాలు పంపిణీ చేసే సంస్థ, మీరు అమ్ముతున్నది గోదాము నిర్వహణ సాఫ్ట్‌వేర్. అందులోని అంకెలు కూడా ఉదాహరణ కోసమే.

## మొదలుపెట్టే ముందు

కంపెనీ చరిత్రతో మొదలుపెడితే తప్పేముంది? మేమెవరో తెలియకుండా మా మాట ఎందుకు నమ్ముతారు?

ప్రపోజల్ చేతికి వచ్చేసరికి మీరెవరో వాళ్లకు కొంత తెలిసే ఉంటుంది. తెలియకపోతే మీటింగ్‌కి పిలిచేవాళ్లే కాదు. అసలు చిక్కు ఆ మీటింగ్‌కి రాని వాళ్లతో. ఫైనాన్స్ హెడ్, ఒక డైరెక్టర్, ఐటీ నుంచి ఒకరు సమ్మరీ చదివి, అక్కడి నుంచి నేరుగా ధర పేజీకి వెళ్తారు. వాళ్ల మనసులో ఉండే ప్రశ్న "ఇది మనకెందుకు?" అన్నదే. అక్కడ మీరు స్థాపించిన సంవత్సరం, శాఖల సంఖ్య, అవార్డుల వరుస కనిపిస్తే ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. పైగా పోటీదారుల ప్రపోజల్స్ కూడా అలాగే మొదలవుతాయి. కంపెనీ పేరు చెరిపేస్తే ఏది ఎవరిదో చెప్పలేం.

నమ్మకం కలిగించే విషయాలు తీసేయమని కాదు, వాటి చోటు మార్చమని. "తప్పుగా వెళ్లే ఆర్డర్లు నెలకు 240 నుంచి 60కి తగ్గాలి, దానికి దారి ఇది" అని చదివాక ఎవరికైనా "ఇంతకుముందు ఎక్కడైనా చేశారా?" అనిపిస్తుంది. మీ అనుభవం చెప్పాల్సింది అక్కడ. అడగకముందు చెబితే డబ్బా కొట్టుకున్నట్టు ఉండేదే, అక్కడ చెబితే జవాబు అవుతుంది.

లక్ష్యం అంటే వాళ్లు అడిగిన ప్రొడక్టే కదా?

కాదు. ఎక్కువ ప్రపోజల్స్ జారిపడేది ఇక్కడే. "బార్‌కోడ్ స్కానింగ్ ఉన్న సాఫ్ట్‌వేర్ కావాలి" అన్నది వాళ్లు ఇప్పటికే ఊహించుకున్న పరిష్కారం. "మీకు బార్‌కోడ్ సాఫ్ట్‌వేర్ కావాలి" అని సమ్మరీ మొదలుపెడితే వాళ్ల మెయిల్‌ని వాళ్లకే తిప్పి పంపినట్టు ఉంటుంది.

ఎందుకు కావాలో అడుగుతూ పోవాలి. విడిభాగాల క్లయింట్ దగ్గర అది ఇలా సాగుతుంది. స్కానింగ్ ఎందుకు? ఒకేలా కనిపించే భాగాలు తారుమారై వెళ్తున్నాయి. వెళ్తే ఏమవుతోంది? కొన్నవాళ్ల యంత్రం ఆగిపోయి ఉంటుంది కాబట్టి సరైన భాగాన్ని అర్జెంటుగా మళ్లీ పంపాలి, తప్పుగా వెళ్లినది వెనక్కి తెప్పించాలి, రవాణా ఖర్చంతా వీళ్లదే. ఎప్పటినుంచో ఉన్నదే కదా, ఇప్పుడే ఎందుకు పట్టించుకుంటున్నారు? ఏప్రిల్‌లో రెండో గోదాము తెరుస్తున్నారు, ఈ తప్పులు అక్కడికి కూడా పాకడం ఇష్టం లేదు. సమ్మరీలోకి రావాల్సిన లక్ష్యం ఇదీ: ఏప్రిల్‌కి ముందే తప్పు ఆర్డర్లు తగ్గాలి.

మన చేతిలో ఉన్నది లక్ష్యమేనా అని తేల్చుకోవడానికి మూడు విషయాలు చూడండి. ఏది మారాలి, ఎంత నుంచి ఎంతకు, ఎప్పటికి. నాలుగోది కూడా తెలుసుకోవాలి గానీ పేజీ మీద రాయకూడదు: అది మారకపోతే వాళ్ల కంపెనీలో ఎవరిని అడుగుతారు? ఆ మనిషి చదివి తల ఊపేలా రాయాలి.

ఆర్ఎఫ్‌పీలో, అంటే క్లయింట్ ప్రపోజల్స్ కోరుతూ ఇచ్చిన పత్రంలో, పనుల జాబితా తప్ప లక్ష్యాలు లేవు. ఎక్కడ వెతకాలి?

ప్రపోజల్స్‌కి మార్కులు ఎలా వేస్తారో ఆ పత్రంలో చెప్పే పట్టిక నుంచి మొదలుపెట్టండి. ఏ అంశానికి ఎంత వెయిటేజీ ఇచ్చారో చూస్తే వాళ్ల భయం ఎక్కడుందో తెలుస్తుంది. అమలు ప్రణాళికకు ధరతో సమానంగా మార్కులు ఉంటే, గతంలో ఏదో ప్రాజెక్టు ఆలస్యమై చేయి కాల్చుకున్నారేమో అని అనుమానించొచ్చు. తర్వాత "నేపథ్యం" అనే చిన్న విభాగం. అందరూ దాన్ని దాటేస్తారు గానీ, ఆ పత్రం ఎందుకు రాయాల్సి వచ్చిందో చెప్పేది అదొక్కటే. స్టాక్ మార్కెట్‌లో లిస్టయిన కంపెనీ అయితే వార్షిక నివేదికలో యాజమాన్యం చెప్పిన ప్రాధాన్యాలు చదవండి.

అన్నిటికన్నా ఉపయోగపడేవి మీ సేల్స్ వాళ్ల మీటింగ్ నోట్సు. వాటిలో క్లయింట్ అన్న మాటలు వేరు, మనవాళ్లు అర్థం చేసుకున్నది వేరు. రెండూ కలిసిపోయి ఉంటే సేల్స్ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని విడదీయండి.

ప్రశ్నలు పంపడానికి గడువు ఇంకా ఉంటే ఒక్క ప్రశ్న పంపండి: "ఈ ప్రాజెక్టు ఏడాది తర్వాత సఫలమైందని మీరు దేన్ని చూసి చెబుతారు?" టెండర్లలో ఈ జవాబు పోటీదారులందరికీ వెళ్లే అవకాశం ఉంది. అయినా అడగడమే మేలు, ఎందుకంటే జవాబు అందరికీ అందినా దాన్ని మొదటి పేరాలోకి తెచ్చేవాళ్లు తక్కువ.

ఆపరేషన్స్ వాళ్లు ఒకటి చెప్పారు, ఫైనాన్స్ వాళ్లు ఇంకొకటి చెప్పారు. ఎవరిది ముందు రాయాలి?

సంతకం పెట్టేవాళ్లది ముందు, రోజూ వాడేవాళ్లది వెంటనే తర్వాత. విడిభాగాల డీల్‌లో గోదాము మేనేజర్‌కి తప్పు ఆర్డర్లు తగ్గాలి, ఫైనాన్స్ హెడ్‌కి రిటర్న్ రవాణా ఖర్చు తగ్గాలి. తరచి చూస్తే రెండూ ఒకే గొలుసులోని లింకులు. అలా కలిసేవైతే ఒకే వాక్యంలో చెప్పొచ్చు.

నిజంగా పొసగనివి కూడా ఉంటాయి. ఒకరు ఆరు వారాల్లో అయిపోవాలంటారు, ఇంకొకరు ఈ ఏడాది బడ్జెట్ దాటొద్దంటారు. దాన్ని సమ్మరీలో మెత్తటి మాటలతో కప్పేయకండి. ప్రపోజల్ పంపకముందే మీతో టచ్‌లో ఉన్న మనిషికి ఫోన్ చేసి ఏది ముందో అడగండి. లక్ష్యాలు మూడు దాటితే మాత్రం అది జాబితా అయిపోతుంది, చదివినవాళ్లకు ఒక్కటీ గుర్తుండదు.

## తిరగరాసేటప్పుడు

పాత పేరా, కొత్త పేరా రెండూ చూపిస్తారా? మాటల్లో చెబితే అర్థం కావట్లేదు.

పాత పేరా ఇలా ఉందనుకోండి:

> "మా సంస్థ గత పద్దెనిమిదేళ్లుగా సప్లై చెయిన్ రంగంలో అగ్రగామిగా కొనసాగుతోంది. నాణ్యతకు, కస్టమర్ సంతృప్తికి కట్టుబడిన మా 200 మంది నిపుణుల బృందం వివిధ రంగాల క్లయింట్లకు అత్యాధునిక పరిష్కారాలు అందిస్తోంది. మీ అవసరాలకు తగిన సమగ్ర గోదాము నిర్వహణ వ్యవస్థను ప్రతిపాదించడానికి సంతోషిస్తున్నాం."

ఇందులో మీకు పనికొచ్చే సమాచారం రెండు ముక్కలు: పద్దెనిమిదేళ్లు, 200 మంది. క్లయింట్ గురించి ఉన్నది "మీ అవసరాలకు తగిన" అన్న మాట ఒక్కటే. అది ఏ క్లయింట్‌కైనా సరిపోతుంది.

ముందు ఈ పేరాని పక్కన పెట్టేయండి. దాన్ని సరిదిద్దుతూ పోతే పాత ఎముకలే మిగులుతాయి. ఖాళీ పేజీ మీద నాలుగు ప్రశ్నలకు ఒకటి రెండు వాక్యాల్లో జవాబు రాయండి. వాళ్లు ఎక్కడికి చేరాలి? ఇప్పుడు ఏది అడ్డుపడుతోంది? మనం దాన్ని ఎలా తొలగిస్తాం? తొలగిందని వాళ్లకు ఎలా తెలుస్తుంది? ఆ తర్వాతే మన గురించి ఒక వాక్యం. అప్పుడు ఇలా వస్తుంది:

> "ఏప్రిల్‌లో రెండో గోదాము తెరవకముందే, తప్పు భాగంతో వెళ్లే ఆర్డర్లను వందకు ఆరు నుంచి ఒకటిన్నరకు తగ్గించాలన్నది మీ లక్ష్యం. ప్రస్తుతం నెలకు వెళ్లే 4,000 ఆర్డర్లలో దాదాపు 240 వెనక్కి వస్తున్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకేలా కనిపించే భాగాలు పక్కపక్క అరల్లో ఉండటం వల్ల జరుగుతున్నవని మీ బృందం మాకు చూపించింది. అర దగ్గర ఒకసారి, ప్యాకింగ్ దగ్గర ఒకసారి స్కాన్ చేసి, భాగం సరిపోలకపోతే ఆర్డర్‌ని ముందుకు కదలనివ్వని పద్ధతిని ప్రతిపాదిస్తున్నాం. జనవరి నుంచి ప్రతి వారం రిటర్న్‌ల లెక్క మీ దగ్గరున్న రిజిస్టర్‌తోనే సరిచూస్తాం. ఇలాంటి విడిభాగాల గోదాముల్లో ఈ వ్యవస్థను నడిపిన బృందమే మీ పని చూస్తుంది."

రెండింటి పొడవులోనూ తేడా ఉంది, నిజమే. కొత్తది కాస్త పెద్దది. కానీ అందులోని ఏ వాక్యాన్నీ వేరే క్లయింట్‌కి పంపలేరు. "మీ బృందం మాకు చూపించింది" అన్న ముక్క గమనించండి. మీరు వాళ్ల గోదాములో తిరిగి చూశారని అది చెప్పకనే చెబుతుంది. పద్దెనిమిదేళ్లు, 200 మంది అన్నవి ఈ పేరాలో లేవు. లేవన్న సంగతి చదివేవాళ్లకు తట్టదు కూడా.

క్లయింట్ అంకెలేవీ ఇవ్వలేదు. అంకె లేకుండా లక్ష్యం ఎలా రాయాలి?

అంకెను సొంతంగా పుట్టించకండి. ఒక్క తప్పు అంకె కనిపిస్తే ఫైనాన్స్ వాళ్లు మిగతా పేజీని కూడా అనుమానంతో చదువుతారు.

అంకె బదులు సంఘటన వాడొచ్చు. "రెండో గోదాము తెరిచే నాటికి, తప్పు భాగం వెళ్లిందన్న ఫోన్లతో సర్వీస్ డెస్క్ రోజు మొదలవకూడదు" అన్నది కూడా స్పష్టమైన లక్ష్యమే, అది మీటింగ్‌లో వాళ్లన్న మాటే అయితే. దాని పక్కనే "మొదటి రెండు వారాల్లో ప్రస్తుత తప్పుల లెక్క తీసి, తగ్గించాల్సిన అంకెను మీతో కలిసి నిర్ణయిస్తాం" అని రాయండి. లెక్క లేదన్న సంగతి దాచాల్సిన పని లేదు. చాలా సంస్థల్లో ఆ లెక్క ఉండదు, అది వాళ్లకూ తెలుసు.

వాళ్ల సమస్యని వాళ్లకే రాసి పంపితే నొచ్చుకోరా?

నొచ్చుకునేలా రాస్తే నొచ్చుకుంటారు. ఆ సమ్మరీ గోదాము మేనేజర్ కూడా చదువుతాడని, అతని పై అధికారి ఎదుటే చదువుతాడని గుర్తుపెట్టుకోండి. "మీ గోదాములో సరైన నియంత్రణ లేదు" అంటే మీకు అండగా నిలవాల్సిన మనిషినే దూరం చేసుకున్నట్టు. "భాగాల రకాలు పెరిగేకొద్దీ కంటితో చూసి వేరుచేయడం కష్టమవుతోంది" అంటే విషయం అదే, తప్పు మాత్రం ఎవరి మీదా పడదు. లక్ష్యంతో మొదలుపెట్టడంలో ఉన్న సౌలభ్యం కూడా ఇదే. చేరాల్సిన చోటు ముందు కనిపిస్తే అడ్డంకి నింద అనిపించదు.

ఒక జాగ్రత్త. ఎవరైనా టీ తాగుతూ చనువుగా చెప్పిన సంగతులు, ముఖ్యంగా వాళ్ల సహోద్యోగుల గురించినవి, పేజీ మీదకి రాకూడదు. సందేహం ఉంటే "ఇది రాయొచ్చా?" అని వాళ్లనే అడగండి.

సమ్మరీ ఎంత ఉండాలి? అందులో ధర చెప్పాలా?

పది పదిహేను పేజీల ప్రపోజల్‌కి ఒక పేజీ చాలు. ధర విషయంలో టెండర్ నిబంధనే ఆఖరి మాట. సాంకేతిక, ధర ప్రతిపాదనలు వేర్వేరు కవర్లలో అడిగితే సమ్మరీలో ధర రాయడం అనర్హతకు దారితీయొచ్చు. అలాంటి నిబంధన లేకపోతే మొత్తం ధర సమ్మరీ చివర ఒక వాక్యంలో చెప్పడమే నా సలహా. ఎలాగూ దానికోసం పేజీలు తిరగేస్తారు.

## కంపెనీ చరిత్రని ఏం చేయాలి

చరిత్రలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

ప్రతి వాక్యం పక్కన క్లయింట్ గొంతుతో "అయితే మాకేంటి?" అని అడగండి. వాళ్ల భయాల్లో ఒకదాన్ని తగ్గించేదైతే ఉంచండి, కాకపోతే అనుబంధంలోకి పంపండి.

"పద్దెనిమిదేళ్లుగా ఈ రంగంలో ఉన్నాం" అంటే మాకేంటి? ఒట్టిగా ఏమీ లేదు. కానీ క్లయింట్ ఇంతకుముందు వాడిన సాఫ్ట్‌వేర్ కంపెనీ మూతపడి సపోర్ట్ ఆగిపోయి ఉంటే, ఆ వాక్యమే బలమైనది. అప్పుడది "ఒప్పంద కాలమంతా సపోర్ట్ ఎవరు ఇస్తారు?" అన్న చోట ఉండాలి. "200 మంది ఉద్యోగులు" కన్నా "మీ పని చేసే నలుగురు వీళ్లు" అన్నది మేలు. అవార్డులు దాదాపుగా ఎప్పుడూ అనుబంధానికే. సర్టిఫికెట్లు మాత్రం చూసి తీయండి. ఆర్ఎఫ్‌పీ సమాచార భద్రతకు సంబంధించిన ఐఎస్‌ఓ 27001 అడిగితే అది అర్హత నిబంధన, అది కనిపించకపోతే మొదటి వడపోతలోనే పోతారు.

టెండర్ ఫార్మాట్‌లోనే కంపెనీ ప్రొఫైల్ ముందుంది. ఏం చేయాలి?

ఫార్మాట్ మార్చకండి. క్రమం తప్పితే మార్కులు వేసేవాళ్లకు వెతుక్కునే పని పడుతుంది, కొన్ని చోట్ల తిరస్కరిస్తారు కూడా. మీకు మిగిలే చోట్లు రెండు. కవర్ లెటర్‌కి అనుమతి ఉంటే లక్ష్యంతో మొదలయ్యే పేరా అక్కడికి వెళ్తుంది. రెండోది, ప్రొఫైల్ విభాగం లోపలే మొదటి వాక్యం. "మేము ఫలానా సంవత్సరంలో మొదలయ్యాం" బదులు "ఒకేలా కనిపించే వేల భాగాలను తప్పు లేకుండా పంపాల్సిన గోదాములతో పనిచేయడం మా ప్రధాన వృత్తి" అని మొదలుపెట్టి, అడిగిన వివరాలన్నీ అడిగిన వరుసలోనే ఇవ్వండి. శీర్షికలు వాళ్లవే, సమాధానం మొదలుపెట్టే తీరు మీది.

మా ఎండీ ఒప్పుకోవట్లేదు. "మన కంపెనీ పేరు మొదటి లైన్లో లేకపోతే ఎలా?" అంటున్నారు.

వాదనకు దిగితే ఓడిపోతారు, ఎందుకంటే ఆ చరిత్ర ఆయన జీవితం. దాన్ని తీసేశారని కాకుండా ఎక్కడికి తరలించారో చూపించండి. పాత సమ్మరీ ప్రింట్ తీసి, మన గురించిన వాక్యాలకు ఒక రంగు, క్లయింట్ గురించిన వాక్యాలకు ఇంకో రంగు వేయండి. పోటీ కంపెనీ వెబ్‌సైట్‌లోని పరిచయ పేరాని పక్కన పెట్టండి. రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూశాక ఆయనే మాట్లాడతారు.

అయినా పట్టుబడితే లోగో, పేరు కవర్ పేజీ మీద పెద్దగా వేయించి, సమ్మరీ మొదటి పేరాని కాపాడుకోండి. ఆ బేరం లాభసాటిదే.

## పంపే ముందు

సమ్మరీలో "240 నుంచి 60కి" అని రాస్తే అది హామీ అయిపోతుందా?

అవ్వొచ్చు. చాలా ఒప్పందాల్లో ప్రపోజల్‌ని అనుబంధంగా జతచేస్తారు, అప్పుడు సమ్మరీలోని వాక్యం కూడా ఒప్పందంలో భాగమే. అందుకే "మీ లక్ష్యం ఇది" అన్న వాక్యాన్ని, "మేము ఇస్తున్న హామీ ఇది" అన్న వాక్యాన్ని ఎప్పుడూ కలపకండి. మొదటిదానికి కర్త క్లయింట్, రెండోదానికి మీరు. "తగ్గిస్తాం" అని రాయబోతుంటే చేయి ఆపి, అది మీ ఒక్కరి చేతిలో ఉన్న పనేనా అని చూడండి. సిబ్బంది ప్రతి భాగాన్ని స్కాన్ చేస్తేనే ఆ ఫలితం వస్తుందంటే, ఆ షరతు అదే వాక్యంలో ఉండాలి. పంపే ముందు లీగల్ వాళ్లకు మొత్తం ప్రపోజల్ చూపించే తీరిక లేకపోయినా సమ్మరీ పేజీ చూపించండి.

మొదటి పేజీ మార్చాం, మిగతాదంతా పాతదే. పర్వాలేదా?

పర్వాలేదనలేం. సమ్మరీలో తప్పు ఆర్డర్ల గురించి రాసి, లోపల పరిష్కారం విభాగం "మాడ్యూల్ 1, మాడ్యూల్ 2" అని మొదలైతే ముందు పేజీ రంగు పూతలా కనిపిస్తుంది. అంతా తిరగరాసే టైమ్ లేకపోతే రెండు చోట్లు మార్చండి. పరిష్కారం విభాగంలో ప్రతి భాగం మొదట్లో అది ఏ లక్ష్యానికి పనికొస్తుందో ఒక వాక్యం రాయండి. అమలు షెడ్యూల్‌లో వాళ్ల గడువును, అంటే ఏప్రిల్‌ని, కనబడేలా పెట్టి పని దానికి ముందే ముగిసేలా చూపండి. అలా రాస్తుంటే ఏ లక్ష్యానికీ పనికిరాని మాడ్యూల్ ఒకటి బయటపడొచ్చు. దాన్ని ఐచ్ఛికంగా విడిగా చూపించడమే నిజాయితీ, ధర కూడా తేలికపడుతుంది.

ఆఖరి నిమిషంలో ఏం చెక్ చేయాలి?

క్లయింట్ పేరు తీసి ఇంకో క్లయింట్ పేరు పెట్టి సమ్మరీ చదవండి. ఇంకా అతికినట్టే ఉంటే తిరగరాయడం పూర్తవలేదు. తర్వాత పాత క్లయింట్ పేరు కోసం ఫైల్ అంతా వెతకండి. హెడర్లు, ఫుటర్లు, బొమ్మల లోపలి అక్షరాలు, ఫైల్ ప్రాపర్టీస్‌లోని టైటిల్ మర్చిపోవద్దు. పీడీఎఫ్ తెరిచినప్పుడు ట్యాబ్ మీద కనిపించేది చాలాసార్లు ఆ టైటిలే. బొమ్మలోని అక్షరాలను సెర్చ్ పట్టుకోదు, వాటిని కళ్లతోనే చూడాలి.

## పంపాక

సమ్మరీ చదివి "ఇది మా ముఖ్య లక్ష్యం కాదు" అన్నారు. పాత పద్ధతే నయమేమో?

పాత పద్ధతిలో ఆ మాట మీకు చేరేదే కాదు. మీ స్థాపన సంవత్సరాన్ని ఎవరూ సరిదిద్దరు కాబట్టి, ఏమీ తెలియకుండానే డీల్ పోయేది. వాళ్లు దిద్దుతున్నారంటే ఇంకా మీతో మాట్లాడుతున్నారని అర్థం. అసలు లక్ష్యం ఏమిటో అడిగి, వాళ్ల మాటల్లోనే రాసుకుని, ఒక్క పేజీ సమ్మరీని సవరించి పంపండి. టెండర్ అయితే గడువు తర్వాత మార్పులు ఒప్పుకోరు. ప్రజెంటేషన్‌కి పిలిస్తే మొదటి స్లైడ్ దానికి వాడుకోండి.

పాత క్లయింట్‌కి రెన్యువల్ ప్రపోజల్. లక్ష్యాలు మాకు తెలిసినవే, మళ్లీ రాయాలా?

రాయాలి, కానీ పోయినసారివి కాదు. అప్పటి లక్ష్యం ఎంతవరకు చేరారో ఒక వాక్యం, చేరనిది ఉంటే అది కూడా. వెంటనే ఇప్పుడు వాళ్లకు ఏది ముఖ్యమో రాయండి. తప్పు ఆర్డర్లు తగ్గాక వాళ్ల దృష్టి స్టాక్ లెక్కింపు కోసం గోదాము మూసేసే రోజుల మీదకి వెళ్లి ఉండొచ్చు. అది తెలుసుకోకుండా పాత పేరాని పంపిస్తే, ఇన్నాళ్లు కలిసి పనిచేసి కూడా మమ్మల్ని పట్టించుకోలేదు అనుకుంటారు.

ప్రతిసారీ కొత్తగా రాయడం కష్టం. టెంప్లేట్ పెట్టుకోవచ్చా?

పెట్టుకోండి, మొదటి పేరా తప్ప. అక్కడ నమూనా వాక్యాలు పెడితే తొందరలో అవే మిగిలిపోతాయి. వాటి బదులు పసుపు రంగులో ప్రశ్నలు పెట్టండి: ఏది మారాలి, ఎంత నుంచి ఎంతకు, ఎప్పటికి, ఈ మాట ఎవరు ఏ మీటింగ్‌లో అన్నారు. చివరి ప్రశ్నకు జవాబు లేకపోతే అది ఊహ అన్నమాట. పేరా రాసే ముందే సేల్స్ మనిషి చేత క్లయింట్‌కి ఒక ఫోన్ చేయించండి. కంపెనీ చరిత్రని టెంప్లేట్‌లో అనుబంధం దగ్గర లాక్ చేసి పెట్టుకుంటే, ప్రతిసారీ దాన్ని ముందుకి లాక్కొచ్చే అలవాటు కూడా తగ్గుతుంది.